నష్టం వచ్చిన ఏడాది పన్ను ఎందుకు కట్టాలి? మాతృసంస్థ ఇచ్చిన అప్పు, 30 శాతం గీత

"నష్టం మూడు కోట్లు పైనే ఉంది కదా సార్, మళ్లీ పన్నేంది?"

లెక్కలు ముగించే రోజుల్లో ఆడిటరుకు ఇలాంటి ఫోన్లు వస్తాయి. అడిగేది సాధారణంగా ఎకౌంట్స్ మేనేజరే. బ్యాలెన్స్ షీట్‌లో నష్టం కనిపిస్తుంటుంది, ఆడిటరేమో అడ్వాన్స్ టాక్స్ కట్టమంటాడు. విదేశీ మాతృసంస్థ దగ్గర పెద్ద అప్పు ఉన్న కంపెనీ అయితే దీనికి జవాబు చాలాసార్లు ఆదాయపు పన్ను చట్టంలోని ఒకే సెక్షన్‌లో దొరుకుతుంది. అది 94బి. 2017 ఫైనాన్స్ చట్టం దీన్ని తెచ్చింది, 2018-19 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమల్లో ఉంది. 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చేలా చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ ఏర్పాటు అలాగే ఉంది. పాత నంబరే అందరి నోటా ఆడుతోంది కాబట్టి నేనూ అదే వాడతాను.

దీన్ని నెల్లూరు నేల మీద పెట్టి చూద్దాం. కృష్ణపట్నం పోర్టు దారిలో రొయ్యల మేత తయారుచేసే ఒక ప్లాంటు ఉందనుకోండి. ఇది ఊహించుకున్న కంపెనీ మాత్రమే, ఫలానా వాళ్లదని వెతకొద్దు. నూటికి నూరు శాతం వాటా సింగపూర్‌లోని మాతృసంస్థదే. ప్లాంటు పెట్టడానికి మాతృసంస్థ 100 కోట్లు పంపింది. అందులో 20 కోట్లు వాటాధనం, మిగతా 80 కోట్లు 9 శాతం వడ్డీకి అప్పు. మారకపు రేటు గొడవ లేకుండా అప్పు రూపాయల్లోనే ఉందనుకుందాం. ముడిసరుకు కొనడానికి, డీలర్లకు అరువు ఇవ్వడానికి స్థానిక బ్యాంకులో ఇంకో 40 కోట్లు 10 శాతానికి తీసుకున్నారు. అంటే ఏడాదికి మాతృసంస్థకు 7.2 కోట్లు, బ్యాంకుకు 4 కోట్లు, మొత్తం 11.2 కోట్ల వడ్డీ.

డబ్బు ఇచ్చింది ఒకరే అయినప్పుడు 20 వాటాగా, 80 అప్పుగా ఎందుకు చీల్చారు? వాటాధనం మీద ప్రతిఫలం డివిడెండు. కంపెనీ తన లాభం మీద పన్ను కట్టాక మిగిలిన దాంట్లోంచే డివిడెండు ఇవ్వాలి. వడ్డీ అలా కాదు, అది ఖర్చు. లాభం లెక్క తేలకముందే తీసేసుకోవచ్చు. తగ్గింపు రేటు ఎంచుకున్న మన కంపెనీకి సర్‌ఛార్జి, సెస్సుతో కలిపి పన్ను 25.168 శాతం. 7.2 కోట్లను వడ్డీ పేరుతో పంపితే దాని మీద కంపెనీ కట్టాల్సిన సుమారు 1.81 కోట్ల పన్ను తగ్గుతుంది. పోయే వడ్డీ మీద మన దేశం సింగపూర్ ఒప్పందం ప్రకారం 15 శాతం టీడీఎస్ తీసుకుంటుంది, డివిడెండు అయినా విడిగా టీడీఎస్ ఉంటుంది. కాబట్టి అసలు తేడా ఆ పాతిక శాతం దగ్గరే. జేబు ఒకటే, డబ్బు ఒకటే, కాగితం మీద పేరు మాత్రం వేరు.

వాటాధనం పల్చగా, అప్పు చిక్కగా పెట్టే ఈ పద్ధతినే థిన్ క్యాపిటలైజేషన్ అంటారు. పాలలో నీళ్లు కలిపినట్టే ఇదీ ఎంత దాకా వెళ్తుందో చెప్పడానికి ఒక కేసు ఉంది. మహారాష్ట్రలోని దభోల్‌లో జెట్టీ కట్టడానికి వచ్చిన బెసిక్స్ కీర్ దభోల్ అనే బెల్జియం కంపెనీకి రూపాయి వాటాధనానికి 248 రూపాయల అప్పు ఉంది. అప్పిచ్చింది దాని వాటాదారులే. ఆ వడ్డీని ఖర్చుగా ఒప్పుకునేది లేదని పన్ను శాఖ అంది. కానీ అప్పటికి మన చట్టంలో అప్పుకు, వాటాధనానికి నిష్పత్తి ఇంత ఉండాలనే నియమమే లేదు. 2010లో ముంబయిలోని ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ అదే మాట చెప్పి కంపెనీ పక్షాన తీర్పు ఇచ్చింది. చట్టంలో లేని గీతను అధికారి గీయలేడు గదా.

ఆ గీత 2017లో పడింది. అంతకు రెండేళ్ల ముందు, 2015లో, ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక సహకార కూటమి ఓఈసీడీ ఒక నివేదికలో దేశాలకు ఒక సలహా ఇచ్చింది. అప్పుకు, వాటాకు నిష్పత్తి చూడటం కన్నా కంపెనీ సంపాదనతో వడ్డీని పోల్చి చూడండి, ఆ సంపాదనలో 10 నుంచి 30 శాతం మధ్య ఎక్కడైనా పరిమితి పెట్టుకోండి అంది. మన దేశం పై అంచు, అంటే 30 శాతం తీసుకుంది. ఆ సంపాదన పేరు ఎబిట్డా. వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు వ్యాపారం ఆ ఏడాది తెచ్చిన లాభం అన్నమాట.

నియమం స్థూలంగా ఇది. అప్పు తీసుకున్నది భారతీయ కంపెనీ గానీ, విదేశీ కంపెనీకి ఇక్కడున్న శాశ్వత కార్యాలయం గానీ అయ్యుండాలి. అప్పిచ్చింది దానితో సంబంధమున్న విదేశీ సంస్థ అయ్యుండాలి. అలాంటి వడ్డీ ఏడాదికి కోటి రూపాయలు దాటితే ఎబిట్డాలో 30 శాతం దాకానే ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకుంటారు. పైది పక్కన పెడతారు. బ్యాంకులకు, బీమా వ్యాపారానికి ఇది వర్తించదు. తర్వాత కొన్ని రకాల ఫైనాన్స్ కంపెనీలకూ మినహాయింపు ఇచ్చారు.

మన జిల్లాల్లో ఎక్కువమంది ఊపిరి పీల్చుకునేది ఇక్కడే. చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ నడిపే భాగస్వామ్య సంస్థ కంపెనీ కాదు, అందువల్ల ఈ సెక్షన్ దాని జోలికి రాదు. ఎల్‌ఎల్‌పీ అయినా అంతే. ఒంగోలులో ఒకే కుటుంబానికి ఉన్న రెండు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీల్లో ఒకటి రెండోదానికి అప్పిస్తే, రెండూ ఇక్కడివే కాబట్టి అదీ రాదు. వడ్డీ రేటు మార్కెట్ కన్నా ఎక్కువ వేశారేమో అని అధికారి వేరే సెక్షన్ కింద అడగొచ్చు. అది వేరే కథ.

సంబంధం అంటే వాటాలు మాత్రమే అనుకోకూడదు. ఓటింగు హక్కులో 26 శాతం ఉంటే సంబంధమున్నట్టే. ఒక్క షేరు కూడా లేకపోయినా, కంపెనీ మొత్తం ఆస్తుల పుస్తక విలువలో 51 శాతానికి తగ్గకుండా అప్పిచ్చినవాడు కూడా సంబంధమున్నవాడి కిందికే వస్తాడు.

ఇప్పుడు మన మేత ప్లాంటు లెక్క. మొదటి ఏడాది బాగానే నడిచింది. ఎబిట్డా 20 కోట్లు. అందులో 30 శాతం 6 కోట్లు. మాతృసంస్థ వడ్డీ 7.2 కోట్లు. పైనున్న 1.2 కోట్లు ఖర్చుగా చెల్లవు. పుస్తకాల్లో లాభం ఎంతంటే, 20 కోట్లలో తరుగుదల 3 కోట్లు, వడ్డీ 11.2 కోట్లు తీస్తే 5.8 కోట్లు. పన్ను లెక్కలో తరుగుదల కూడా అంతేననుకుంటే, చెల్లని 1.2 కోట్లు తిరిగి కలిపి 7 కోట్ల మీద పన్ను కట్టాలి. అదనంగా పడింది 30 లక్షల చిల్లర. లాభాల్లో ఉన్నారు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

రెండో ఏడాది వెనామీ రొయ్యల చెరువుల్లో వైట్ స్పాట్ తెగులు తగిలింది. రైతు పంట పోతే మేత డీలరుకు డబ్బు రాదు, డీలరుకు రాకపోతే ఫ్యాక్టరీకి రాదు. మేత వ్యాపారం సగం అరువు మీదే నడుస్తుందని చెరువు గట్టు ఎక్కినవాళ్లందరికీ తెలుసు. అమ్మకాలు తగ్గాయి, రాని బాకీలను పుస్తకాల్లోంచి కొట్టేయాల్సి వచ్చింది. ఎబిట్డా 11 కోట్లకు పడిపోయింది. వడ్డీ మాత్రం పైసా తగ్గలేదు. పుస్తకాల్లో లెక్క చూడండి: 11 కోట్లలో 3 కోట్ల తరుగుదల, 11.2 కోట్ల వడ్డీ తీస్తే 3.2 కోట్ల నష్టం.

పన్ను లెక్క వేరేగా నడిచింది. 11 కోట్లలో 30 శాతం 3.3 కోట్లు. మాతృసంస్థకు ఇచ్చిన 7.2 కోట్లలో 3.9 కోట్లు చెల్లవు. నష్టం 3.2 కోట్లకు 3.9 కోట్లు కలిపితే 70 లక్షల ఆదాయం తేలింది. దాని మీద 17 లక్షల 60 వేల దాకా పన్ను. మొదట్లో వచ్చిన ఫోన్ ఈ లెక్క గురించే.

ఈ నియమంలో నాకు మింగుడు పడనిది ఇదే. కంపెనీ దొంగలెక్క రాసిందని కాదు, వడ్డీ రేటు ఎక్కువ వేసిందని కాదు. అప్పు అదే, రేటు అదే. మారింది చెరువుల్లో రొయ్య. గీత సంపాదనకు కట్టి ఉంది కాబట్టి సంపాదన పడిన ఏడాదే అది కిందికి జారి మెడ దగ్గరికి వస్తుంది. స్థిరంగా నడిచే వ్యాపారానికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. తెగులుతో, తుపానుతో, ఎగుమతి ధరలతో ఊగిసలాడే ఆక్వా లాంటి వాటికి మాత్రం నొప్పి.

దీనికి తోడు ఇంకొకటి. ఖర్చుగా ఒప్పుకోని ఆ 3.9 కోట్లు సింగపూర్‌కు వడ్డీగానే వెళ్లాయి, వాటి మీద 15 శాతం టీడీఎస్ కూడా కట్ అయింది. ఇక్కడ ఖర్చు కాదన్నారు కాబట్టి అక్కడికి వెళ్లింది వడ్డీ కాకుండా పోదు. అదే డబ్బు మీద ఇక్కడి కంపెనీ పాతిక శాతం, మాతృసంస్థ పేరిట 15 శాతం, రెండూ పడతాయి.

కోటి రూపాయల గడప దగ్గర కూడా జాగ్రత్త అవసరం. అది మొదటి కోటిని వదిలేసే మినహాయింపు కాదు, లోపలికి అడుగు పెట్టే గడప. చిన్న కంపెనీ ఒకటి మాతృసంస్థకు 98 లక్షల వడ్డీ కట్టింది, ఆ ఏడాది ఎబిట్డా సున్నా అనుకోండి. 98 లక్షలూ చెల్లుతాయి. అదే 1.05 కోట్లు కట్టి ఉంటే గడప దాటినట్టు. అప్పుడు సున్నాలో 30 శాతం సున్నాయే కాబట్టి మొత్తం 1.05 కోట్లూ చెల్లవు. ఏడు లక్షల తేడా కోటి రూపాయల్ని తినేస్తుంది.

ఇంతవరకూ నేను 30 శాతాన్ని మాతృసంస్థ వడ్డీతోనే పోల్చాను. సెక్షన్‌లోని అక్షరం చదివితే అంత తేలిగ్గా ఉండదు. అదనపు వడ్డీ అంటే, "మొత్తం వడ్డీ" ఎబిట్డాలో 30 శాతాన్ని ఎంత మించిందో అది గానీ, సంబంధమున్న సంస్థలకు ఇచ్చిన వడ్డీ గానీ, రెండింట్లో ఏది తక్కువైతే అది అని రాసి ఉంది. మొత్తం వడ్డీ అన్న మాటలో బ్యాంకు వడ్డీ కూడా ఉందా? ఉందనుకుంటే మొదటి ఏడాది 11.2 కోట్లలో 6 కోట్లు పోగా 5.2 కోట్లు చెల్లవు. లేదనుకుంటే 1.2 కోట్లే. నాలుగు కోట్ల తేడా ఒక్క మాట దగ్గర ఉంది.

బిల్లుతో పాటు ఇచ్చిన వివరణ పత్రంలో మాత్రం సంబంధమున్న సంస్థలకిచ్చే వడ్డీని 30 శాతానికి పరిమితం చేస్తున్నామనే అర్థం వస్తుంది. నియమం వచ్చిన ఉద్దేశమూ అదే. బయటి బ్యాంకుకు కట్టిన వడ్డీ ఏ దేశానికీ లాభాన్ని తరలించదు. కాబట్టి మాతృసంస్థ వడ్డీనే పోల్చడం సరైన అర్థం అని నా అభిప్రాయం. అయితే ఈ అర్థం తీసుకునే కంపెనీ, అక్షరం పట్టుకునే అధికారి ఎదురైతే ఎంత పన్ను అడుగుతాడో ముందే లెక్కేసి పెట్టుకోవాలి.

ఎబిట్డాను కూడా చట్టం నిర్వచించలేదు. పుస్తకాల్లో లాభం నుంచి మొదలుపెట్టాలా, పన్ను లెక్కలోని ఆదాయం నుంచి మొదలుపెట్టాలా అన్నది తేల్చలేదు. పుస్తకాల లాభం తీసుకోవడమే వాడుక. ఏది తీసుకున్నా ఏటేటా అదే తీసుకోవాలి. ఒక ఏడాది ఒకటి, మరో ఏడాది ఇంకొకటి వాడితే ఎవరైనా పట్టుకుంటారు. టాక్స్ ఆడిట్ రిపోర్టు ఫారం 3సీడీలో 30బి అనే అంశం దీని కోసమే పెట్టారు. వడ్డీ ఎంత, ఎబిట్డా ఎంత, 30 శాతం మించింది ఎంత, వెనకటి ఏళ్ల నుంచి వచ్చింది ఎంత అని వరుసగా అడుగుతుంది. మూడేళ్ల రిపోర్టులు పక్కపక్కన పెడితే పద్ధతి మారిందో లేదో ఇట్టే తెలిసిపోతుంది.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువగా హెచ్చరించేది గ్యారంటీ గురించి. మన ప్లాంటుకు 40 కోట్లు ఇచ్చిన బ్యాంకు రెండో ఏడాది లెక్కలు చూసి భయపడిందనుకోండి. రెన్యువల్‌కు వెళ్తే మేనేజరు, "సింగపూర్ కంపెనీ నుంచి గ్యారంటీ తెప్పించండి, లిమిట్ అలాగే ఉంచుతాం" అంటాడు. మాతృసంస్థకూ అభ్యంతరం ఉండదు, సంతకం పెట్టి పంపుతుంది. అందరూ పని అయిపోయిందనుకుంటారు.

సెక్షన్‌లో ఒక వాక్యం ఉంది. సంబంధం లేని వాడు అప్పిచ్చినా, దానికి సంబంధమున్న సంస్థ హామీ ఉంటే, లేదా అంతే డబ్బును ఆ సంస్థ అప్పిచ్చినవాడి దగ్గర డిపాజిట్ చేసి ఉంటే, ఆ అప్పును సంబంధమున్న సంస్థే ఇచ్చినట్టు లెక్కించాలి అని. హామీ నేరుగా రాసిచ్చినదే కానక్కర్లేదు, అంతర్లీనంగా ఉన్నా చాలు అని కూడా అందులో ఉంది. నెల్లూరు బ్రాంచిలో తీసుకున్న అప్పుకు విదేశీ రంగు పడటమేంటని వాదించవచ్చు, వాదిస్తున్నారు కూడా. విదేశీ బ్యాంకుకు ఇక్కడున్న శాఖ దగ్గర తీసుకున్న అప్పు మీద కట్టే వడ్డీని 2020లో ఈ నియమం నుంచి తప్పించారు. ఇక్కడి బ్యాంకుల గురించి మాత్రం ఆ సవరణలో ప్రస్తావన లేదు. అక్షరాలా చదివితే మన బ్యాంకు అప్పు కూడా వలలో పడేలాగే ఉంది.

పడితే ఏమవుతుంది? రెండో ఏడాదికే ఆ గ్యారంటీ ఉందనుకుని లెక్కేద్దాం. బ్యాంకు వడ్డీ 4 కోట్లు మాతృసంస్థ వడ్డీలో కలిసి 11.2 కోట్లు అవుతుంది. గీత 3.3 కోట్ల దగ్గరే ఉంది. చెల్లనిది 3.9 కోట్ల నుంచి 7.9 కోట్లకు పెరుగుతుంది. 3.2 కోట్ల నష్టం చూపే కంపెనీకి 4.7 కోట్ల ఆదాయం తేలి, 1 కోటి 18 లక్షల పన్ను పడుతుంది. ఒక్క సంతకం ఖరీదు కోటి రూపాయలు. పైన చెప్పిన "మొత్తం వడ్డీ" తగాదా కూడా ఇక్కడ అవసరం లేకుండా పోతుంది, అన్ని అప్పులూ సంబంధమున్నవే అయిపోయాయి కాబట్టి రెండు అర్థాలూ ఒకే అంకెకు వస్తాయి.

అందుకే బ్యాంకు శాంక్షన్ లెటరును ఫైలులో పెట్టకముందు చివరి పేజీల దాకా చదవాలి. గ్యారంటీ అన్న మాట లేకపోయినా, "లెటర్ ఆఫ్ కంఫర్ట్" అని మాతృసంస్థ రాసిచ్చే కాగితం గురించి ఒక వరుస ఉండొచ్చు. అంతర్లీన హామీ అంటే అదే కదా అని అధికారి అడిగేది ఆ వరుస చూపించే. హామీ లేకుండా ప్లాంటు ఆస్తి మీదో, సరుకు మీదో బ్యాంకు ఒప్పుకుంటుందేమో ముందు అడిగి చూడాలి. అర శాతం వడ్డీ ఎక్కువైనా 40 కోట్లకు ఏడాదికి 20 లక్షలే.

చెల్లని వడ్డీ శాశ్వతంగా పోతుందా అంటే పోదు. తర్వాతి 8 అసెస్‌మెంట్ సంవత్సరాల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చు. మన ప్లాంటుకు రెండేళ్లలో పోగుపడింది 1.2, 3.9 కలిపి 5.1 కోట్లు. మూడో ఏడాది రొయ్య రేటు పెరిగి ఎబిట్డా 30 కోట్లకు వెళ్లిందనుకుందాం. గీత 9 కోట్లు, ఆ ఏడాది వడ్డీ 7.2 కోట్లు. మధ్యలో ఉన్న 1.8 కోట్ల ఖాళీలో పాత వడ్డీని సర్దవచ్చు. పాతది ముందు వాడితే మొదటి ఏడాది 1.2 కోట్లు పూర్తిగా, రెండో ఏడాదిలోంచి 60 లక్షలు తీరతాయి. 3.3 కోట్లు ఇంకా మిగిలే ఉంటాయి. ఎబిట్డా 24 కోట్లు దాటిన ఏడాదే ఈ కంపెనీకి ఖాళీ దొరుకుతుంది. అది ఎన్నేళ్లకు ఒకసారి వస్తుందో రొయ్యల వ్యాపారం తెలిసిన వాళ్లే చెప్పాలి. తిరగేసి చూస్తే న్యాయం కనిపించదు: వాడని ఖాళీని మాత్రం వచ్చే ఏడాదికి తీసుకెళ్లే వీల్లేదు. బాగున్న ఏడాది మిగిలిన చోటు ఆ ఏడాదితోనే పోతుంది.

ఏం చేయొచ్చు? లెక్కను వెనక నుంచి వేసి చూడటం మంచి పద్ధతి. గడ్డు ఏడాది ఎబిట్డా 11 కోట్లని తెలిసింది. దాంట్లో 30 శాతం 3.3 కోట్లు. 9 శాతం వడ్డీకి 3.3 కోట్లు అంటే సుమారు 36 కోట్ల 66 లక్షల అప్పు. అంతవరకే మాతృసంస్థ అప్పు ఉంటే గడ్డు ఏడాదిలో కూడా గీత తగలదు. మిగిలిన 43 కోట్ల పైచిలుకు అప్పును వాటాధనంగా మార్చేస్తే ఈ నియమం గురించి మర్చిపోవచ్చు. రిజర్వ్ బ్యాంకు నిబంధనలు దీనికి ఒప్పుకుంటాయి, షేర్ల విలువ నిర్ధారణ, ఫారాలు దాఖలు చేయడం లాంటి పని ఉంటుంది.

సింగపూర్‌లో కూర్చున్నవాళ్లు మాత్రం వెంటనే ఊ అనరు. అప్పు అయితే డబ్బు చేతిలో ఉన్నప్పుడు అసలు తిరిగి పంపించమని అడగొచ్చు. వాటాధనం ఒకసారి లోపలికి వెళ్లిందంటే బయటికి రావాలంటే లాభాలుండి డివిడెండు ప్రకటించాలి, లేదా మూలధనం తగ్గించుకోవడానికి కంపెనీ లా ట్రిబ్యునల్ అనుమతి కోసం వెళ్లాలి. అందుకని చాలా కంపెనీలు మధ్యే మార్గం పడతాయి. కొంత వాటాగా మారుస్తాయి, మిగతా దానికి వడ్డీ రేటు తగ్గిస్తాయి. 80 కోట్లకు 9 బదులు 7 శాతం వేస్తే వడ్డీ 5.6 కోట్లు, మొదటి ఏడాది లాంటి సంవత్సరంలో 6 కోట్ల గీత లోపలే ఉంటుంది. రెండో ఏడాది లాంటిది వస్తే మాత్రం ఇంకా 2.3 కోట్లు బయటపడతాయి.

ఏది చేసినా మార్చి 31 లోపే చేయాలి. వడ్డీ పుస్తకాల్లో పడిపోయాక, సెప్టెంబరులో ఆడిట్ రిపోర్టు ముందు కూర్చుని చేయగలిగింది ఏమీ ఉండదు. ఫిబ్రవరిలో ఆ ఏడాది ఎబిట్డా ఎంత తేలుతుందో ఒక అంచనా వేసుకుని, దాన్ని 30తో గుణించి 100తో భాగించి, మాతృసంస్థ వడ్డీ పక్కన రాసుకుంటే చాలు. ఆ మేనేజరు ఇప్పుడు ఫిబ్రవరి మొదటి వారంలోనే ఫోన్ చేస్తాడు, చెరువుల్లో రొయ్య ఎలా ఉందో కూడా అప్పుడే చెప్పేస్తాడు.